26 కేజీల బస్తా, 10 కేజీల ప్యాకెట్: కామన్ క్రెడిట్‌ను నెలనెలా రివర్స్ చేసే పద్ధతి

GSTR-3B లో 3.1(c) గడిలో లక్షల్లో పన్ను లేని అమ్మకాలు ఉంటాయి. కింద క్రెడిట్ రివర్సల్ చూపించే 4(B)(1) గడిలో సున్నా ఉంటుంది. ఈ రెండు గడులను పక్కపక్కన పెట్టి చూడటానికి ఆఫీసర్‌కు పెద్ద పరిశోధన అక్కర్లేదు. ASMT-10 నోటీసు రావడానికి అదొక్కటే చాలు.

కామన్ క్రెడిట్ అంటే పన్ను ఉన్న అమ్మకాలకూ, లేని అమ్మకాలకూ కలిపి వాడిన బిల్లుల మీది పన్ను. అందులో పన్ను లేని అమ్మకాల వాటాను వదులుకోవడమే రివర్స్ చేయడం. "ఎంత రివర్స్ చేయాలి, ఏ నెలలో చేయాలి, ఏ గడిలో వేయాలి?" అని చాలామంది అడుగుతున్నారు. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(2), దాని కింద రూల్ 42 చెప్పే లెక్క ఇదే. సూత్రం చిన్నది. కష్టమంతా దానికి ముందు బిల్లులు వేరు చేయడంలో ఉంది, అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

ఉదాహరణకు మన దగ్గర బాగా కనిపించే వ్యాపారాన్నే తీసుకుందాం. మిర్యాలగూడలో ఒక బియ్యం వ్యాపారి ఉన్నాడనుకోండి. మిల్లు నుంచి విడి బియ్యం కొని, రాళ్లు, నల్ల గింజలు తీయించి, రెండు రకాలుగా అమ్ముతాడు. ఒకటి 26 కేజీల బస్తా, దానికి జీఎస్టీ లేదు. రెండోది లేబుల్ వేసిన 5, 10 కేజీల ప్యాకెట్లు, వాటికి 5 శాతం. ఆయనకు 2025 డిసెంబర్ చివర్లో రిజిస్ట్రేషన్ వచ్చింది, 2026 జనవరిలో అమ్మకాలు మొదలయ్యాయి. కాబట్టి ఆ ఆర్థిక సంవత్సరంలో ఆయన లెక్క మూడు నెలలే. మనకూ అదే సులువు. అంకెలన్నీ ఉదాహరణ కోసం వేసినవి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆ నెల అమ్మకాల రిజిస్టర్: ట్యాక్స్ ఇన్వాయిస్‌లు వేరుగా, బిల్ ఆఫ్ సప్లైలు వేరుగా
- క్రెడిట్ నోట్లు, అమ్మాక తిరిగొచ్చిన సరుకు వివరాలు
- ఆ నెల GSTR-2B
- రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టిన పన్ను వివరాలు, వాటి సెల్ఫ్ ఇన్వాయిస్‌లు
- ఒక ఎక్సెల్ షీట్, అందులో ప్రతి కొనుగోలు బిల్లు పక్కన "కోడ్" అనే ఖాళీ కాలమ్

నాలుగోదాన్నే ఎక్కువ మంది మర్చిపోతారు. మన వ్యాపారి గోడౌన్ యజమానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. 2024 అక్టోబర్ 10 నుంచి ఇలాంటి వాణిజ్య అద్దె మీద అద్దెకున్నవాడే, తనకు రిజిస్ట్రేషన్ ఉంటే, రివర్స్ ఛార్జ్ కింద 18 శాతం కట్టాలి. ఆ పన్ను 2B లో కనిపించదు. 2B ని మాత్రమే చూసి లెక్క మొదలుపెడితే అన్నిటికంటే పెద్ద బిల్లే బయట ఉండిపోతుంది.

## 2. మొదట అమ్మకాలు వేరు చేయండి

ఇక్కడ కావాల్సినవి రెండు అంకెలు. E అంటే ఆ నెల పన్ను లేని అమ్మకాల విలువ. F అంటే ఆ రాష్ట్రంలో ఆ నెల మొత్తం టర్నోవర్. రెండిట్లోనూ జీఎస్టీ కలపకూడదు.

బియ్యంలో గీత 25 కేజీల దగ్గర ఉంది. ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసి, 25 కేజీలు లేదా అంతకు తక్కువ ఉంటే 5 శాతం. అంతకు మించితే పన్ను లేదు. కస్టమర్ ముందు బస్తా విప్పి తూచి ఇచ్చినా పన్ను లేదు. కానీ మూడు 10 కేజీల ప్యాకెట్లను ఒకే పెద్ద సంచిలో పెట్టి "30 కేజీలు" అంటే కుదరదు. లోపలి ప్యాకెట్లు చిల్లరగా అమ్మడానికి ఉద్దేశించినవైతే పన్ను పడుతుంది. ఈ వర్గీకరణ తప్పితే కింది లెక్క ఎంత బాగా చేసినా లాభం లేదు.

జనవరి అమ్మకాలు ఇవి:

- 26 కేజీల బస్తాలు: ₹42,00,000
- 5, 10 కేజీల ప్యాకెట్లు, పన్ను కాకుండా: ₹18,00,000

కాబట్టి E = 42,00,000, F = 60,00,000. నిష్పత్తి 70 శాతం.

E లో ఏవి చేరతాయో, ఏవి చేరవో కొంచెం చూసుకోవాలి. పెట్రోలు, డీజిల్, తాగే మద్యం లాంటి జీఎస్టీ బయటి సరుకులూ ఈ లెక్కలో పన్ను లేని అమ్మకాలే. అంటే బంకులో ఇంజిన్ ఆయిల్ కూడా అమ్మేవాళ్లకు ఇదే రూల్ వర్తిస్తుంది. మీ అమ్మకం మీద కొనేవాడు రివర్స్ ఛార్జ్‌లో పన్ను కడుతుంటే ఆ అమ్మకం కూడా E లోకే వస్తుంది. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చే వడ్డీ మాత్రం, మీరు బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో కాకపోతే, E లో చేరదు.

ఎగుమతి సంగతి వేరు. కాకినాడ నుంచి బియ్యం ఓడలో పంపితే ఇక్కడ ఆ సరుకు మీద పన్ను లేకపోయినా అది జీరో రేటెడ్ అమ్మకం. దాన్ని E లో వేయకండి, F లో మాత్రం ఉంటుంది.

## 3. బిల్లులకు కోడ్ వేయండి

అసలు పని ఇదే. ప్రతి బిల్లు దగ్గర ఒక్కటే ప్రశ్న: ఇది దేనికి వాడాను? జవాబును బట్టి ఐదు కోడ్‌లలో ఒకటి వేయాలి.

- T1: వ్యాపారానికి సంబంధం లేనిది, పూర్తిగా సొంతానికి
- T2: పన్ను లేని అమ్మకాలకు మాత్రమే
- T3: సెక్షన్ 17(5) కింద క్రెడిట్ రానిది
- T4: పన్ను ఉన్న అమ్మకాలకు, ఎగుమతులకు మాత్రమే
- C2: రెండిటికీ కలిపి వాడేది, అంటే కామన్

సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ మూడిటికీ లెక్క విడివిడిగా చేయాలి. జనవరిలో ఐజీఎస్టీ బిల్లులు లేవు. సీజీఎస్టీ ఎంతో ఎస్‌జీఎస్టీ అంతే కాబట్టి కింద సీజీఎస్టీ ఒక్కటే చూపిస్తున్నాను.

| బిల్లు | సీజీఎస్టీ ₹ | కోడ్ |
|---|---|---|
| 5, 10 కేజీల ప్రింటెడ్ సంచులు | 5,400 | T4 |
| 26 కేజీల సంచులు | 7,200 | T2 |
| వేరే మిల్లు నుంచి కొన్న 10 కేజీల ప్యాకెట్లు | 10,000 | T4 |
| గోడౌన్ అద్దె, రివర్స్ ఛార్జ్ | 9,000 | C2 |
| సెక్యూరిటీ ఏజెన్సీ | 3,600 | C2 |
| సార్టింగ్ మెషిన్ సర్వీసు | 2,700 | C2 |
| ఆడిటర్ ఫీజు | 1,800 | C2 |
| ఆఫీసు ఇంటర్నెట్, బిల్లింగ్ | 900 | C2 |
| కారు ఇన్సూరెన్స్ | 900 | T3 |
| ఇంటి ఫోన్, నెట్ | 180 | T1 |
| మొత్తం (T) | 41,680 | |

బియ్యం లారీ కిరాయి ఈ పట్టికలో లేదు. బియ్యం రవాణా మీద జీఎస్టీ లేదు కాబట్టి అక్కడ క్రెడిట్ అనే మాటే రాదు.

సంచుల బిల్లులను ఒకసారి గమనించండి. చాలా షాపుల్లో సప్లయర్ రెండు సైజుల సంచులనూ ఒకే బిల్లులో వేసి పంపుతాడు. అకౌంటెంట్ ఆ బిల్లు మొత్తాన్నీ "ప్యాకింగ్ మెటీరియల్" అని ఒకే పద్దులో రాసేస్తాడు. ఆ క్షణంలోనే T2, T4 కలిసిపోతాయి. మార్చిలో కూర్చుని ఏ సంచి ఎంతకు వచ్చిందో వెతకడం నరకం. రెండు సైజులకు రెండు బిల్లులు వేయమని సప్లయర్‌కు ముందే చెప్పండి. కుదరదంటే టాలీలో రెండు లెడ్జర్లు తెరిచి, బిల్లులోని లైన్ల ప్రకారం విడగొట్టండి.

కోడ్ బిల్లుల వారీగా వేయాలని రూల్ 42 లోనే ఉంది. రిటర్న్‌లో కనిపించేది మొత్తాలే అయినా, అడిగినప్పుడు చూపించాల్సింది ఈ షీటే.

కోడ్ వేశాక వాడకం మారితే కోడ్ కూడా మారాలి. 10 కేజీల ప్యాకెట్లు కొని, అమ్ముడుపోక విప్పి, 26 కేజీల బస్తాల్లో కలిపేశారనుకోండి. ఆ ప్యాకెట్ల క్రెడిట్ ఇక T4 కాదు.

## 4. సూత్రం వేయండి

రూల్ 42 వరుస ఇది. ఇందులో T అంటే ఆ నెల మొత్తం క్రెడిట్, D1 పన్ను లేని అమ్మకాల వాటాగా రివర్స్ చేసేది, D2 సొంత వాడకం వాటా, C3 కామన్‌లో చివరికి మిగిలే క్రెడిట్:

```
C1 = T - (T1 + T2 + T3)
C2 = C1 - T4
D1 = (E / F) x C2
D2 = 5% x C2
C3 = C2 - (D1 + D2)
```

జనవరి సీజీఎస్టీకి ఇలా వస్తుంది:

```
C1 = 41,680 - (180 + 7,200 + 900) = 33,400
C2 = 33,400 - (5,400 + 10,000)    = 18,000
D1 = 42,00,000 / 60,00,000 x 18,000 = 12,600
D2 = 0
C3 = 18,000 - 12,600              = 5,400
```

D2 దగ్గర చాలామంది తికమక పడతారు. కామన్ బిల్లుల్లో కొంత భాగం సొంత అవసరాలకు కూడా వాడినప్పుడే ఈ 5 శాతం వర్తిస్తుంది. ఒకే నెట్ కనెక్షన్ ఆఫీసుకూ పై అంతస్తులో ఇంటికీ పోతుంటే D2 వస్తుంది. మన వ్యాపారికి ఇంటి బిల్లు వేరుగా ఉంది, దాన్ని T1 లో పూర్తిగా తీసేశాం. అందుకే ఆయనకు D2 సున్నా. ఇంకో సంగతి, ఆ 5 శాతం నెట్ బిల్లు ఒక్కదాని మీద కాదు, C2 మొత్తం మీద పడుతుంది. వంద రూపాయల సొంత వాడకం కోసం 18,000 మీద 900 పోగొట్టుకునే బదులు, ఇంటికి ఇంకో కనెక్షన్ పెట్టుకోవడమే చవక.

నిష్పత్తిని రౌండ్ చేయకండి. 63.47 శాతాన్ని 63 చేస్తే ప్రతి నెలా కొంత తక్కువ రివర్స్ అవుతుంది. ఎక్సెల్ లో E/F అలాగే ఉంచి, చివరి రూపాయి దగ్గర మాత్రమే రౌండ్ చేయండి.

## 5. కోడ్ వేయకుండా వదిలేస్తే ఎంత తేడా?

"ఎందుకీ గోల, మొత్తం క్రెడిట్‌లో 70 శాతం తీసేస్తే సరిపోదా?" అనేవాళ్లున్నారు. అదే జనవరి అంకెలతో చూద్దాం.

T1, T3 తీసేసి, మిగిలిన 40,600 మొత్తాన్నీ కామన్ అనుకుంటే రివర్సల్ 28,420. సరైన లెక్కలో T2 7,200, D1 12,600 కలిపి 19,800 మాత్రమే. అంటే సీజీఎస్టీలో 8,620, ఎస్‌జీఎస్టీలో ఇంకో 8,620 ఊరికే పోయాయి. ప్యాకెట్ల మీద పూర్తిగా రావాల్సిన క్రెడిట్‌ను చేతులారా వదులుకున్నట్టు.

ఎదురు తప్పూ ఉంది. 26 కేజీల సంచులను T2 లో వేయకుండా కామన్‌లో వేస్తే C2 25,200 అవుతుంది, రివర్సల్ 17,640. అసలు కంటే 2,160 తక్కువ. నోటీసు వచ్చేది ఇలాంటి చోటే, ఎందుకంటే "26 కేజీలు" అని బిల్లు మీదే రాసి ఉంటుంది.

## 6. GSTR-3B లో ఏ గడిలో ఏది

2022 జూలై 6 నాటి సర్క్యులర్ 170 తర్వాత పద్ధతి ఇలా స్థిరపడింది: క్రెడిట్ మొత్తాన్ని ముందు 4(A) లో చూపించాలి, రానిదాన్ని 4(B) లో తీసేయాలి. పూర్వంలా నికరం మాత్రమే 4(A) లో వేసి సరిపెట్టుకోకూడదు.

జనవరి సీజీఎస్టీ ఇలా పడుతుంది:

- 4(A)(3), రివర్స్ ఛార్జ్ కింద కట్టిన అద్దె పన్ను: 9,000
- 4(A)(5), మిగతా బిల్లులన్నీ: 32,680
- 4(B)(1), T1 + T2 + T3 + D1: 20,880
- 4(C), నికర క్రెడిట్: 20,800

ఎస్‌జీఎస్టీ కాలమ్‌లో ఇవే అంకెలు.

ఇప్పుడు ఒక తనిఖీ చేయండి. 4(C) లో వచ్చింది T4, C3 రెండూ కలిపినదానికి సమానం కావాలి. 15,400 కి 5,400 కలిపితే 20,800. సరిపోయింది. సరిపోకపోతే ఏదో బిల్లుకు రెండు కోడ్‌లు పడ్డాయి, లేదా అసలు కోడే పడలేదు.

ప్యాకెట్ల అమ్మకం మీద సీజీఎస్టీ 45,000. అందులో 20,800 క్రెడిట్ పోగా నగదుగా కట్టేది 24,200. అద్దె మీది రివర్స్ ఛార్జ్ 9,000 దీనికి అదనం. అది ఎప్పుడూ నగదులోనే కట్టాలి.

4(B)(2) లో మాత్రం ఈ రివర్సల్ వేయకండి. ఆ గడి తర్వాత తిరిగి తీసుకోగలిగే క్రెడిట్ కోసం, ఉదాహరణకు సప్లయర్‌కు 180 రోజుల్లో డబ్బు ఇవ్వనప్పుడు వెనక్కి ఇచ్చేది. రూల్ 42 రివర్సల్ అలా తిరిగొచ్చేది కాదు.

అలాగే E కోసం టేబుల్ 5 చూడకండి. అక్కడ ఉండేది పన్ను లేని కొనుగోళ్లు. మిల్లు నుంచి కొన్న విడి బియ్యం విలువ అక్కడ పెద్ద అంకెగా కనిపిస్తుంది, కొత్త అకౌంటెంట్లు అదే E అనుకుంటారు. E కి మూలం 3.1(c), 3.1(e).

పుస్తకాల్లో ఎంట్రీ కూడా అదే నెల వేయండి. రివర్స్ చేసిన మొత్తాన్ని క్రెడిట్ లెడ్జర్ నుంచి తీసి ఖర్చులో రాయాలి. లేకపోతే బుక్స్‌లో ఐటీసీ ఒకటి, పోర్టల్‌లో ఇంకొకటి చూపిస్తాయి.

## 7. ఫిబ్రవరి: ఐజీఎస్టీ వచ్చిన నెల

ఫిబ్రవరిలో పండగ సందడి తగ్గింది. E 30,00,000, F 50,00,000. నిష్పత్తి 60 శాతం. కామన్ సీజీఎస్టీ 15,000, కాబట్టి D1 9,000.

ఈ నెలలోనే బెంగళూరు కంపెనీకి స్టాక్ సాఫ్ట్‌వేర్ ఏడాది చందా కట్టాడు. దాని మీద ఐజీఎస్టీ 6,000. సాఫ్ట్‌వేర్ రెండు రకాల అమ్మకాలకూ వాడతాడు కాబట్టి కామన్. ఐజీఎస్టీ కాలమ్‌లో D1 3,600. దీన్ని సగం సగం చేసి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలో రివర్స్ చేయకూడదు. ఏ పన్ను క్రెడిట్ వచ్చిందో ఆ పన్ను కాలమ్‌లోనే తీసేయాలి.

ఇదే నెల ఆయన వ్యాపారం పేరు మీదున్న ఖాళీ స్థలాన్ని ₹50,00,000 కి అమ్మాడనుకోండి. స్థలం మీద జీఎస్టీ లేదు, అయినా దాని విలువ E లోకి వస్తుంది. ఇక్కడ విలువ అంటే స్టాంప్ డ్యూటీ కట్టిన విలువ. అప్పుడు E 80 లక్షలు, F కోటి. D1 9,000 కాస్తా 12,000 అవుతుంది. బియ్యానికి ఏ సంబంధమూ లేని ఒక్క రిజిస్ట్రేషన్ ఆ నెల కామన్ క్రెడిట్‌ను తినేస్తుంది. షేర్లు అమ్మితే మాత్రం అమ్మకం విలువలో 1 శాతమే E లో కలపాలి. మన లెక్కలో స్థలం అమ్మకం లేదనే ముందుకెళ్దాం.

## 8. మార్చి, ఆపైన ఏడాది లెక్క

మార్చిలో హాస్టళ్లకు పెద్ద ఆర్డర్లు వచ్చాయి, అన్నీ 26 కేజీల బస్తాలే. E 72,00,000, F 90,00,000. నిష్పత్తి 80 శాతం. కామన్ సీజీఎస్టీ 21,000, D1 16,800.

ఇక్కడితో పని అయిపోయిందనుకుని ఆగిపోయేవాళ్లే ఎక్కువ. నెలనెలా చేసేది తాత్కాలికం. ఏడాది ముగిశాక మొత్తం టర్నోవర్ మీద మళ్లీ లెక్క వేయాలని రూల్ 42(2) అంటుంది. గడువు తర్వాతి సెప్టెంబర్ రిటర్న్ గడువు తేదీ లోపు.

| నెల | E ₹ | F ₹ | C2 సీజీఎస్టీ ₹ | D1 ₹ |
|---|---|---|---|---|
| జనవరి | 42,00,000 | 60,00,000 | 18,000 | 12,600 |
| ఫిబ్రవరి | 30,00,000 | 50,00,000 | 15,000 | 9,000 |
| మార్చి | 72,00,000 | 90,00,000 | 21,000 | 16,800 |
| మొత్తం | 1,44,00,000 | 2,00,00,000 | 54,000 | 38,400 |

ఏడాది నిష్పత్తి 72 శాతం. మూడు నెలల శాతాలను కూడి మూడుతో భాగిస్తే 70 వస్తుంది, అది తప్పు. మొత్తం E ని మొత్తం F తో భాగించాలి.

54,000 లో 72 శాతం 38,880. నెలనెలా చేసింది 38,400. సీజీఎస్టీలో 480 తక్కువ పడింది, ఎస్‌జీఎస్టీలోనూ అంతే.

ఐజీఎస్టీలో తేడా ఇంకా ఎక్కువ. 6,000 లో 72 శాతం 4,320, చేసింది 3,600. అంటే 720 తక్కువ. కారణం స్పష్టమే: ఏడాది చందా బిల్లు నిష్పత్తి అన్నిటికంటే తక్కువ ఉన్న నెలలో పడింది. పెద్ద కామన్ బిల్లు ఏ నెలలో పడిందన్నదే ఈ తేడాను నిర్ణయిస్తుంది. అందుకే ఏడాది లెక్కలో ఎంత తేలుతుందో ముందే ఊహించాలంటే పెద్ద బిల్లులున్న నెలల్ని చూస్తే చాలు.

తక్కువ పడిన మొత్తాన్ని సెప్టెంబర్ లోపు ఏదో ఒక నెల 3B లో గానీ, మనంతట మనమే పన్ను కట్టే DRC-03 ఫారం ద్వారా గానీ రివర్స్ చేయాలి. దాని మీద ఏప్రిల్ 1 నుంచి కట్టిన రోజు దాకా 18 శాతం వడ్డీ ఉంటుంది. మన వ్యాపారి 2026 సెప్టెంబర్ 20న కట్టాడనుకుందాం. అప్పటికి 173 రోజులు.

```
సీజీఎస్టీ : 480 x 18% x 173/365 = 41
ఎస్‌జీఎస్టీ: 480 x 18% x 173/365 = 41
ఐజీఎస్టీ  : 720 x 18% x 173/365 = 61
```

అంకెలు చిన్నవే, కానీ కోట్ల టర్నోవర్ ఉన్నవాళ్లకు ఇవే లక్షలవుతాయి. ఏప్రిల్‌లోనే లెక్క తేల్చేస్తే వడ్డీ నామమాత్రంగా ఉంటుంది. గడువు సెప్టెంబర్ దాకా ఉంది కదా అని ఆగడంలో నాకైతే లాభం కనిపించదు.

ఎదురుగా కూడా జరగొచ్చు. మార్చిలో కామన్ సీజీఎస్టీ 21,000 బదులు 33,000 ఉంటే ఆ నెల D1 26,400, మొత్తం రివర్సల్ 48,000 అయ్యేది. ఏడాది లెక్క ప్రకారం 66,000 లో 72 శాతం, అంటే 47,520. ఎక్కువ చేసిన 480 ని సెప్టెంబర్ లోపు రిటర్న్‌లో క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఆ గడువు దాటితే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

## 9. తరచూ దొర్లే తప్పులు, సరిచేసే దారి

అమ్మకాలే లేని నెల. F సున్నా అయితే భాగహారం కుదరదు. అప్పుడు వివరాలున్న చివరి నెల నిష్పత్తి వాడాలి. రివర్సల్ అక్కర్లేదని వదిలేయకూడదు.

రెండు రాష్ట్రాల టర్నోవర్ కలపడం. మిర్యాలగూడ ఆఫీసుతో పాటు విజయవాడలో బ్రాంచి ఉంటే రెండు రిజిస్ట్రేషన్లు, రెండు లెక్కలు. ఇక్కడి నుంచి అక్కడికి పంపిన 26 కేజీల బస్తాల స్టాక్ ట్రాన్స్‌ఫర్ కూడా తెలంగాణ లెక్కలో E లోనూ, F లోనూ చేరుతుంది. "మన సరుకు మనకే కదా" అనుకుని వదిలేస్తే నిష్పత్తి తప్పుతుంది.

మెషిన్లను T లో కలిపేయడం. రూల్ 42 సరుకులకు, సేవలకు మాత్రమే. రెండు రకాల బియ్యానికీ వాడే సార్టింగ్ మెషిన్ కొంటే దానికి రూల్ 43 ఉంది. సీజీఎస్టీ 90,000 అయితే మొత్తం క్రెడిట్ తీసుకుని, 60 నెలలకు పంచితే నెలకు 1,500. జనవరి నిష్పత్తి 70 శాతం కాబట్టి ఆ నెల 1,050 రివర్స్ చేయాలి. ఇది కూడా 4(B)(1) లోకే పోతుంది, కానీ షీట్ వేరుగా పెట్టండి. 60 నెలల పాటు దాన్ని మోయాలి మరి.

క్రెడిట్ నోట్లు మర్చిపోవడం. తిరిగొచ్చిన ప్యాకెట్ల విలువ F నుంచి తగ్గించకపోతే నిష్పత్తి తక్కువగా కనిపిస్తుంది, రివర్సల్ తగ్గిపోతుంది.

కామన్ క్రెడిట్ అసలే తీసుకోకపోవడం. "గొడవెందుకు, అద్దె, ఆడిటర్ ఫీజు మీద క్రెడిట్ వదిలేస్తాను" అనేవాళ్లూ ఉన్నారు. కామన్ బిల్లులు నెలకు వెయ్యీ రెండు వేలైతే నేనూ కాదనను, T4 ఒక్కటే పూర్తిగా ఉంచుకుని మిగతాదంతా 4(B)(1) లో తీసేయొచ్చు. కానీ మన వ్యాపారికి జనవరి ఒక్క నెలలోనే రెండు పన్నులూ కలిపి 10,800 మిగిలింది. ఆ డబ్బు కోసం ఒక పూట కూర్చోవడం దండగేమీ కాదు.

## 10. ప్రతి నెలా 3B వేసే ముందు

- 2B మొత్తం, రివర్స్ ఛార్జ్ మొత్తం కలిపి T తో సరిపోయిందా
- ప్రతి బిల్లుకూ ఒకే ఒక్క కోడ్ ఉందా, ఖాళీ గడి ఏదైనా మిగిలిందా
- E, F రెండూ 3.1 టేబుల్‌తో కలిశాయా, స్థలం, షేర్ల లాంటివి విడిగా కలిపారా
- మూడు పన్నులకూ D1 వేర్వేరుగా తీశారా
- 4(C) = T4 + C3 అయిందా
- ఆ నెల ఎక్సెల్‌ను పీడీఎఫ్‌గా చేసి రిటర్న్ కాపీతో పాటు దాచారా

ఏడాది చివర ఇంకొకటి: మార్చి 3B వేసిన రోజునే పన్నెండు నెలల E, F, C2 లను ఒకే షీట్‌లోకి తెచ్చి తేడా ఎంతో పెన్సిల్‌తో అయినా రాసి పెట్టండి. ఆడిటర్ గారు సెప్టెంబర్‌లో వార్షిక రిటర్న్ పనిలో పడ్డాక ఈ లెక్క అడిగితే, అప్పటికి వడ్డీ ఐదు నెలలు నడిచి ఉంటుంది.